వెనక్కి పిలిచిన బండి

కారు కొనడానికి మా అక్క పెట్టిన షరతు ఒక్కటే. "ఏ కలరైనా సరి. పాట పాడకున్నా సరి. అవినాశి రోడ్డులో నడిమధ్య ఆగిపోకూడదు, అంతే."

అవినాశిలో బనియన్ గుడ్డ రంగు నిలుస్తుందా లేదా అని పరీక్షించే ల్యాబులో అక్కకి ఉద్యోగం. ల్యాబు పక్కనే పసిపిల్లల్ని చూసుకునే చోటు ఉంది. కోయంబత్తూరు నుంచి రోజూ బస్సులో ఒక చేత్తో రెండేళ్ళ పాపని, ఇంకో చేత్తో టిఫిను సంచిని పట్టుకుని వెళ్ళేది. మూడో చెయ్యి ఉంటే కమ్మీ పట్టుకునేది. ఆ రోడ్డు సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మనం ఎంత వేగంగా పోయినా మన వెనకాల ఒక లారీ ఉంటుంది. లారీ వెనకాల ఇంకో లారీ ఉంటుంది. మధ్యలో చిన్న కారొకటి ఉన్నట్టుండి ఆగిపోతే ఏమవుతుందో ఊహించడానికి పెద్ద బుర్ర అక్కర్లేదు, నా బుర్ర చాలు.

ఆ సమయానికి దిండిగల్‌లో మా మేనమామ తన కారు ఇచ్చేస్తానన్నారు. ఆయనకి తాళాల పట్టడ, అంటే తాళాలు చేసే చిన్న కార్ఖానా, ఉంది. కంటి ఆపరేషన్ అయ్యాక డాక్టరు పొద్దు వాలితే బండి నడపొద్దన్నాడట. "బయటోళ్ళకి ఏమిటికి, మన పిల్లే తీసుకోనీ" అని అమ్మకి ఫోను చేశారు. బయట అడిగే ధర కాదు, మేనమామ ధర. గురువారం పొద్దున మంచి వేళ చూసి తాంబూలం మార్చుకుంటే సరి, బండి మనది.

మా వాళ్ళలో మేనమామ చేతి నుంచి వచ్చేదాన్ని తిప్పి చూడరు. చూస్తే మామని అనుమానించినట్టు. నా అయిదో ఏట మామ ఒళ్ళో కూర్చోబెట్టే నాకు చెవులు కుట్టించారు. నొప్పి పుడుతుందా మామా అని అడిగాను. పుట్టదు అన్నారు. మామ మాట నమ్మడంలో నాకున్న సొంత అనుభవం అదొక్కటే.

నాకు ఉద్యోగం పంపుల కంపెనీలో. నీళ్ళ మోటార్లని తొట్టిలో ముంచి, తిప్పి, ఎక్కడ మొరాయిస్తాయో చూసి రాసిపెట్టడం నా పని. అంటే ఏదైనా పని చేస్తూంటే ఎప్పుడు చేయడం మానేస్తుందా అని పక్కన నిలబడి ఎదురుచూడటానికి నాకు జీతమిస్తారు. ఈ అలవాటు ఇంటికి కూడా వస్తుంది. అందుకే బుధవారం మధ్యాహ్నం, సాంబారన్నం తింటూ, ఆ మోడల్‌లో కంపెనీవాళ్ళు ఏవైనా బళ్ళని వెనక్కి పిలిచారా అని ఫోనులో వెతికాను.

పిలిచారు.

పెట్రోలు ట్యాంకు లోపల మునిగి ఉండే చిన్న పంపు. కొన్ని నెలల్లో తయారైన బళ్ళలో ఆ పంపులోని ప్లాస్టిక్ చక్రం పెట్రోలు పీల్చుకుని ఉబ్బే అవకాశం ఉందట. ఉబ్బితే చుట్టూ ఉన్న గోడకి రాసుకుంటుంది, చివరికి బిగుసుకుపోతుంది. "వాహనం నడుస్తుండగా ఇంజను ఆగిపోవచ్చు" అని ఇంగ్లీషులో చాలా మర్యాదగా రాసి ఉంది. అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చక్రం ఉబ్బి బిగుసుకున్న పంపులు నేను చూశాను. చివరి నిమిషం దాకా బాగానే తిరుగుతాయి. అదే వాటితో వచ్చిన చిక్కు.

మోడల్ ఒకటే అయినంత మాత్రాన మామ బండి కూడా ఆ లెక్కలో ఉన్నట్టు కాదు. ఏ బండి అన్నది చాసిస్ నంబరే చెప్పాలి, పదిహేడు అక్షరాలు. బండి నంబరు కొట్టి ప్రభుత్వం వాళ్ళ యాప్‌లో చూస్తే ఆ పదిహేడులో కొన్నిటి మీద చుక్కలు పెట్టి దాచారు. పూర్తి నంబరు ఆర్‌సీలో ఉంటుంది. ఆర్‌సీ మామ దగ్గర ఉంది. మామకి ఫోను చేశాను.

"ఆర్‌సీ ఫోటోనా? ఏమిటికి రా?"

"ఇన్సూరెన్స్ పేరు మార్చేదానికి మామా."

"ఇంకా తాంబూలమే మార్చలేదు, నువ్వు అంతలోపల పేరు మారుస్తా ఉండావే! సరి, పంపిస్తా."

ఫోటో వచ్చింది. సగంలో మామ బొటనవేలు. మళ్ళీ అడిగాను. ఈసారి వేలు లేదు, గంధం మరక ఉంది. మూడోసారి నంబరు కనబడింది. కంపెనీ పేజీలో ఒక్కొక్క అక్షరమే సరిచూసుకుంటూ కొట్టాను. తెర మీద ఒక గుండ్రం తిరిగింది. మా తొట్టిలో మోటారు కూడా అంతసేపు తిరగదు.

"ఈ వాహనం ఇంధన పంపు రీకాల్ పరిధిలో ఉంది. దగ్గరలోని అధీకృత వర్క్‌షాపును సంప్రదించండి."

ఆ పని ఇప్పటికే జరిగిందో లేదో ఆ పేజీ చెప్పలేదు. మామ ఎప్పుడో చేయించే ఉంటారని కాసేపు ఆశపడ్డాను. దిండిగల్ వర్క్‌షాపుకి ఫోను చేస్తే సర్వీసు అడ్వైజరు నంబరు రాసుకుని, కీబోర్డు టకటకలాడించి తమిళంలో చెప్పాడు. ఇంకా చెయ్యలేదు. రెండు మెసేజ్‌లు, ఒక ఉత్తరం పంపారు. జవాబు లేదు. ఆ బండి రెండో ఫ్రీ సర్వీసు తరవాత మళ్ళీ వాళ్ళ గుమ్మం తొక్కలేదు.

"డబ్బెంత అవుతుంది సార్?" అన్నాను.

"సున్నా. ఓనరు మారినా సున్నానే. రీకాల్ అనేది బండికి సార్, మనిషికి కాదు." తరవాత గొంతు తగ్గించాడు, ఇరుగుపొరుగు సంగతి చెప్పేటట్టు. "ఇంకొకటి కూడా చూపిస్తోంది. ఇది రీకాల్ కాదు, పేపర్లో రాదు. వెనక ఎడమ డోరు లాకులో స్ప్రింగు. ఫ్యాక్టరీవాళ్ళే తరవాతి బళ్ళలో దాన్ని మార్చేశారు. బండి మా దగ్గరికి వస్తే మేమే మార్చేస్తాం. రాకపోతే..." అని ఆగాడు.

వెనక ఎడమ డోరు. పాప సీటు కట్టాలని అక్క అనుకున్న చోటు.

సాయంత్రం ఇంట్లో ఈ మాట చెప్పాను. అమ్మ తమలపాకులు తుడిచి పళ్ళెంలో పేర్చుతోంది.

"మా అన్న కాడికి పోయి నీ బండిలో దోషం ఉండాది అంటావా? నోరెట్ల వస్తాది రా నీకి?"

"నోరు రాకుంటే వాట్సాప్‌లో అంటానమ్మా."

"నవ్వొద్దు రా, ఆ డోరు పక్కనే పాపని కట్టాల," అంది అక్క. పాపని మోకాళ్ళ మీద ఊపుతూనే ఉంది. పాప ఉయ్యాల అనుకుని నవ్వుతోంది.

అమ్మ ఒక దారి చెప్పింది. "రేపు తాంబూలం అయిపోనీ. బండి మనదయినాక మనమే పోయి మార్పించుకుందాం. అన్నకి తెలియాల్సిన పని లేదు."

"తాంబూలం అయినాక దాన్ని ఇంటికి ఎట్ల తెస్తారమ్మా? పళని మీదుగా అంత దూరం. నడిమధ్య ఆగితే?" అన్నాను.

"ఇన్ని దినాలు మా అన్న నడపలేదా?"

"దిండిగల్ లోపల నడిపినాడు. గుడికి, పట్టడకి, మార్కెట్టుకి. వెనకాల లారీ ఎప్పుడు ఉండింది?"

అమ్మ ఆకులు పేర్చడం ఆపలేదు. అక్క నా వైపు చూసింది. "నువ్వు చెప్పు రా. నువ్వేమి చెప్పినా నవ్వులాటే అనుకుంటారు కదా. నవ్వులాటలో పెట్టి చెప్పెయ్. కోపమొస్తే నవ్వులాట, రాకుంటే నిజం."

ఇంతకాలం మా ఇంట్లో నా జోకులకి విలువ లేదని బాధపడేవాణ్ణి. ఆ సాయంత్రం ఒక్కసారిగా విలువ వచ్చింది. వచ్చాక ఏం చెయ్యాలో తోచలేదు. పొద్దున అమ్మా అక్కలతో దిండిగల్ బస్సెక్కి ఒడ్డన్‌చత్రం దాకా జోకు తయారు చేసుకున్నాను. ఒడ్డన్‌చత్రం దాటాక అది మర్చిపోయాను.

మామ ఇంటి ముందర కారు కడిగి నిలబెట్టారు. బానెట్టు మీద గంధం, కుంకుమ. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. పెళ్ళికూతురిలా ఉంది. దాని పుట్టుపూర్వోత్తరాలు ఇంటర్నెట్‌లో చూసి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

"తాళం తిప్పి చూడు రా," అన్నారు మామ. తిప్పాను. వెనక సీటు కింద నుంచి పంపు సన్నగా ఒక్క క్షణం కూసి ఆగింది, ఇంజను మొదటిసారికే అందుకుంది, అంతా సరిగ్గా ఉన్నట్టు. కాస్త దగ్గి, మొరాయించి ఉంటే నా పని సులువయ్యేది. బండి నాకు సాయం చెయ్యలేదు.

ఇంట్లో అత్త కాఫీ ఇచ్చింది. అమ్మ పళ్ళెం ముందర పెట్టింది. మంచి వేళ పదిన్నర నుంచి పన్నెండు దాకా. పదకొండు కావస్తోంది. అక్క నా కాలి మీద తొక్కింది. మొదట మెల్లగా, తరవాత బండి బ్రేకు తొక్కినట్టు.

"మామా," అన్నాను, "కంపెనీవాళ్ళకి మీ బండంటే చాలా ఇష్టమంట. ఇంటికి వచ్చి పొమ్మని మళ్ళీ మళ్ళీ పిలస్తా ఉండారంట."

ఎవరూ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

మామ పళ్ళెం వైపు చాపిన చేతిని వెనక్కి తీసుకున్నారు. "ఎవురు చెప్పింది నీకి?"

"ఆర్‌సీ ఫోటో అడిగినా కదా మామా. ఇన్సూరెన్స్‌కి కాదు. నంబరు కొట్టి చూసినా. పెట్రోలు పంపు మార్చాలంట. వెనక డోరు లాకుది స్ప్రింగు కూడా. ఫ్రీగానే మారుస్తారంట. అక్క పాపని పెట్టుకుని దినామూ అవినాశి రోడ్డులో పోతాది మామా. ఆ రోడ్డులో బండి ఆగితే..." ఇంతవరకూ ఒక్క జోకు కూడా లేకుండా ఇంత మాట్లాడటం నా జన్మలో అదే మొదలు. అమ్మ ముఖం చూడటానికి ధైర్యం చాలలేదు.

"ఆ ఉత్తరం నాకి వచ్చినాది," అన్నారు మామ నిదానంగా. "చూసినా. డోరు స్ప్రింగు అందులో లేదు, నాకే తెలిసి నేనే మార్చినా. వాళ్ళది సన్నం. నా పట్టడలోది వేసినా. పంపు అదీ ఇదీ నాకి తెలియదు. తెలియనిదాన్ని దోషమని ఎట్ల ఒప్పుకోవల్ల? బండి ఒక్క దినమైనా ఆగిందా? అమ్మిన సామాను వెనక్కి రమ్మని పిలిచేవాడు ఏమి కంపెనీ రా? యాభై ఏండ్లుగా తాళాలు చేస్తా ఉండా. నేను అమ్మిన తాళం ఒకటైనా వెనక్కి వచ్చిందా అడుగు!"

నన్ను అడగమన్నారు. నేను అడగలేదు. అత్తే జవాబు చెప్పింది, కాఫీ లోటాలు ఏరుకుంటూ, తలెత్తకుండా.

"వచ్చినాయి. మీరే పోయి తెచ్చినారు."

మామ ఆమె వైపు చూశారు.

"పెండ్లయిన కొత్తలో," అంది అత్త మాతో. "ఒక విడతలో చేసిన తాళాలన్నిటికీ ఒకే బీగంచెవి పట్టింది. ఎవురి తాళమైనా ఎవురైనా తీసెయ్యొచ్చు. ఒక్కరూ వచ్చి అడగలేదు. ఒక్కరికీ తెలియదు కూడా. అయినా సైకిలెక్కి వీధి వీధిగా తిరిగి, ఒక్కొక్క వాకిలి తట్టి, తాళం మార్చి ఇచ్చినారు. పదిహేను దినాలు సరిగ్గా తిండి లేదు. మీ మామకి అది అవమానం. నాకి కాదు."

మామ లేచి పట్టడలోకి వెళ్ళిపోయారు. లోపల నుంచి ఇనుము మీద ఆకురాయి రుద్దే చప్పుడు మొదలయింది. అమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. విప్పుతోంది. మళ్ళీ చుట్టుకుంటోంది. నేను గోడ గడియారం చూస్తున్నాను. పదకొండుంబావు. పదకొండున్నర. అక్క బస్సులోనే పోతుంది, అమ్మకి అన్న దూరమయ్యాడు, నాకు ఇకమీదట దిండిగల్‌లో కాఫీ ఉండదు అని మూడు నష్టాలూ వరసగా తలుచుకున్నాను. మూడోదానికి కూడా కొంచెం బాధ వేసింది. అత్త కాఫీ బాగుంటుంది.

పన్నెండుకి పది నిమిషాలు ఉందనగా ఆకురాయి చప్పుడు ఆగింది. మామ చొక్కా వేసుకుని వచ్చారు. ఒక చేతిలో బండి తాళం, ఇంకో చేతిలో నాలుగు మడతలు పెట్టిన ఉత్తరం.

"పద రా ఆ వర్క్‌షాపుకి. ఎక్కు."

"అన్నా, తాంబూలం..." అంది అమ్మ. "వేళ దాటిపోతా ఉండాది."

"దాటనీ. పని ముగించకుండా నేను తాంబూలం ఎట్ల తీసుకోవల్ల?"

మామ మెల్లగా, రోడ్డు ఎడమ అంచున నడిపారు. నేను పక్కన కూర్చుని ఇంజను వింటున్నాను. ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా నా ఊపిరి ఆగుతోంది. బండి మాత్రం ఆగడం లేదు. వెనకాల ఒక బిర్యానీ కొట్టు వాళ్ళ ఆటో హారను కొడుతూ వచ్చి, మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది. అంతే. దారిలో ఇంకేమీ జరగలేదు. ఏమీ జరగకపోవడం ఇంత అలసటగా ఉంటుందని అప్పటిదాకా తెలియదు.

వర్క్‌షాపులో అడ్వైజరు చాసిస్ నంబరు బండి మీద ఉన్నది, ఆర్‌సీలో ఉన్నది పక్కపక్కన పెట్టి చూశాడు. రెండు పనులూ జాబ్ కార్డులో రాశాడు. పంపు ఆ బండి నంబరు మీద తెప్పించాలి, మూడు రోజులు పడుతుంది, అందాకా బండి ఇక్కడే వదిలిపెట్టి పొండి అన్నాడు. మెకానిక్ ఒకతను వెనక ఎడమ డోరు తెరిచి లాకులోకి టార్చి వేసి చూసి, ఇంకోసారి చూశాడు.

"ఈ స్ప్రింగు ఎవరు వేసింది?"

"నేనే," అన్నారు మామ, గొడవకి సిద్ధంగా.

"బాగా ఉంది అయ్యా. కానీ మేము తీసేసి కంపెనీది వెయ్యాలి."

"నాదే గట్టిది."

"గట్టిదే. కానీ నాది రికార్డులో ఎక్కుతుంది."

మామ ఆలోచించారు. తన స్ప్రింగు తనకి తిరిగి ఇచ్చేయాలన్న షరతు మీద ఒప్పుకున్నారు. ఇచ్చారు. మామ దాన్ని చొక్కా జేబులో వేసుకుని బయటికి నడిచారు. తాంబూలం పళ్ళెం అలాగే మాతో కోయంబత్తూరు బస్సెక్కింది. ఆకులు ఉడుమలైపేట దగ్గర వాడిపోయాయి. అమ్మ దారంతా నాతో మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక, "పని అయినాక కొత్త ఆకులు తీసుకురా, మంచివిగా చూసి," అంది. నన్ను క్షమించినట్టు అంతకంటే విడమరిచి మా ఇంట్లో ఎవరూ చెప్పరు.

పంపు మార్చేటప్పుడు మామ దగ్గరే నిలబడ్డారట. వెనక సీటు ఎత్తి, కింద ఉన్న మూత విప్పి, పాత పంపుని బయటికి తీస్తే, దాన్ని అక్కడే కోసి లోపలి చక్రం చూపించమన్నారట. కోయకూడదు, పాతది కంపెనీకి తిరిగి పోవాలన్నారు. "ఉబ్బిందో లేదో చూడనీకుండా తీసుకపోయినారు రా," అని నాకు ఫోను చేసి అరగంట గోల పెట్టారు. తరవాత జాబ్ కార్డు ఫోటో పంపారు. మొత్తం దగ్గర సున్నా. ఈసారి బొటనవేలు లేదు.

నేను మళ్ళీ కంపెనీ పేజీలో నంబరు కొట్టాను. ఇంకా "రీకాల్ పరిధిలో ఉంది" అనే చూపించింది. అడ్వైజరుకి ఫోను చేస్తే నవ్వాడు. పని ముగిసినట్టు తను ఎక్కించేశానని, పేజీలో మారడానికి రెండు మూడు రోజులు పడుతుందని చెప్పాడు. నేను రోజూ మధ్యాహ్నం అన్నం ముందర పెట్టుకుని కొడుతూనే ఉన్నాను. నాలుగో రోజు మారింది. "ఈ వాహనానికి పెండింగ్ రీకాల్‌లు లేవు." అంత నీరసమైన వాక్యాన్ని అన్నిసార్లు ఎవరూ చదివి ఉండరు.

ఆ వారమే తాంబూలం అయింది. మామ బండిని పగటి వెలుతురులోనే తానే నడుపుకుంటూ, పళని మీదుగా తెచ్చి అప్పగించారు.

సోమవారం అక్క పాపని వెనక సీటులో కట్టి బయలుదేరింది. నేను మా తొట్టి పక్కన నిలబడి ఒక మోటారు మొరాయిస్తుందేమోనని చూస్తున్నాను. అది మొరాయించలేదు. నా చూపు దాని మీద కూడా లేదు. తొమ్మిదింటికి ఫోను మోగింది. అక్క కాదు, మామ. ఆర్‌సీల ఫోటోలు, ఒకటి కాదు, అయిదు. పక్కింటాయనది, పాలాయనది, కొబ్బరి మండీ ఓనరుది. "ఈ నంబర్లన్నీ కొట్టి చెప్పు రా. ఎవురూ తమంతట తాము చూసుకోరు."

మొదటిది కొడుతుండగా అక్క మెసేజ్ వచ్చింది. ల్యాబు వాకిట్లో నిలబెట్టిన బండి ఫోటో. వెనక సీటులో పాప నోరు తెరుచుకుని నిద్రపోతోంది. కింద ఒక్క మాట. "ఆగలేదు."

ఏదో ఒక జోకు రాయబోయాను. కుదరలేదు. "ఎడమ డోరు సరిగ్గా మూసుకుందా చూడు" అని రాసి పంపి, పాలాయన నంబరు కొట్టడం మొదలుపెట్టాను.